కొత్త హాస్టల్ అంచనా: పాత బిల్డింగ్ ఒక్కటి చాలా, తొమ్మిదీ కావాలా?

జూనియర్_ఎస్టిమేటర్:
గుంటూరు దగ్గర కాలేజీ హాస్టల్, జీ+4, 40,000 చదరపు అడుగులు. డ్రాయింగులు ఇంకా లేవు, వారంలో అంకె చెప్పమంటున్నారు. మేం కట్టిన 9 హాస్టళ్ల బిల్లులు నేటి ధరలకు మార్చి పట్టిక పెట్టాను. అన్నీ 8,000 నుంచి 22,000 చదరపు అడుగుల లోపు, జీ+2 దాటలేదు. 2019లో కట్టిన 18,000 చదరపు అడుగులది అచ్చం ఇలాంటిదే. దాని ఫైనల్ బిల్లు 2.40 కోట్లు, 25 శాతం పెంచితే 3 కోట్లు. ఆ ఒక్కదాన్ని పట్టుకుని చెప్పాలా, తొమ్మిదింటి మీద ఫార్ములా కట్టాలా?

కృష్ణా_కాంట్రాక్టర్:
ఒక్కటి చాలు తమ్ముడూ. అదే రకం గదులు, అదే మెస్, అదే మేస్త్రీలు. 3 కోట్లను 18,000తో భాగిస్తే 1,667. దాన్ని 40,000తో గుణించు, 6.67 కోట్లు. పైన లిఫ్ట్ వేసుకో. ఇరవై ఆరేళ్లుగా ఇలాగే చెబుతున్నాను. తొమ్మిదింటిలో ఒకటి కొండ పక్కన కట్టి ఉంటారు, ఇంకొకటి వానల్లో ఆగిపోయి ఉంటుంది. అన్నీ కలిపితే ఏ బిల్డింగూ కాని అంకె వస్తుంది.

ప్లానింగ్_రమ:
సార్, మీ లెక్కలో సంపు, సెప్టిక్ ట్యాంకు, ట్రాన్స్‌ఫార్మర్, గేటు కూడా విస్తీర్ణంతో పాటు రెండింతలు పైన పెరిగిపోతాయి. నిజంగా అంత పెరగవు. పట్టికలో చిన్న హాస్టళ్ల రేటు ఎక్కువ, పెద్దవాటి రేటు తక్కువ ఉంది చూడండి. విస్తీర్ణానికి ఎదురుగా ఖర్చు పెట్టి గీత గీస్తే స్థిరంగా 45 లక్షలు, ఆపైన చదరపు అడుగుకి 1,780 వచ్చింది. 40,000కి 7.57 కోట్లు. మీరు చెప్పిన 2019 హాస్టల్ మాత్రం గీతకి 65 లక్షలు కిందుంది. తేడాగా ఉందని దాన్ని తీసేసి మిగతా ఎనిమిదితోనే గీశాను.

సొంతిల్లు_తెనాలి:
మాకూ చదరపు అడుగు రేటే చెప్పారు. మొదట 1,900 అన్నారు. చివరికి మెట్ల గది, బాల్కనీ, పోర్టికో అన్నీ పూర్తి రేటుకే కొలిచారు. 1,800 చదరపు అడుగుల ఇల్లు 2,240 అయింది. రేటు మారలేదు, కొలత మారింది. ఈ రేట్ల మాట వింటేనే నాకు టెన్షన్.

కృష్ణా_కాంట్రాక్టర్:
రమ గారూ, తనకు నచ్చని బిల్డింగును తీసేస్తే ఏ గీతైనా చక్కగానే వస్తుంది. మీ గీతకి నేల తెలుసా? గుంటూరు చుట్టూ నల్లరేగడి. వానకు ఉబ్బుతుంది, ఎండకు పగులుతుంది. అక్కడ ఐదడుగుల ఫుటింగ్ వేసి జీ+4 లేపుతారా?

ప్లానింగ్_రమ:
మీ 2019 హాస్టల్‌కి మాత్రం నేల తెలుసా? అది ఏ నేల మీద కట్టారో మీరు అడగనే లేదు.

బిల్లుల_పద్మ:
నేను పాతికేళ్లు బిల్లులు చెక్ చేశాను, రెండు మాటలు చెబుతాను. గీతకి 65 లక్షలు కిందున్న బిల్డింగును రమ గారు పారేశారు, కాంట్రాక్టర్ గారు దాన్నే ఆధారం చేసుకున్నారు. అది ఎందుకు కిందుందని ఇద్దరూ అడగలేదు. జూనియర్ గారూ, ఆ పనికి సిమెంటు, స్టీలు ఎవరు తెచ్చారో చూడండి. ఓనరే కొనిస్తే ఆ డబ్బు మీ ఫైనల్ బిల్లులో కనబడదు.

పునాదిని చదరపు అడుగు రేటులో కలపకండి. ఒక్కో అంతస్తు 8,000 అడుగులు. బిల్డింగు కిందంతా ఒకే కాంక్రీటు పలకలా రాఫ్ట్ వేయాల్సి వచ్చి, మందం రెండు అడుగులు అనుకుంటే 16,000 ఘనపుటడుగులు, అంటే దాదాపు 450 ఘనపు మీటర్లు. స్టీలు, సెంట్రింగ్ కలిపి మీటరు 13,000 వేసుకున్నా 58 లక్షలు దాటుతుంది. తవ్వకం, మొరం నింపడం వేరే. పాత రేటులో ఉన్న ఫుటింగుల ఖర్చు మాత్రం తీసేయాలి, లేకపోతే పునాదికి రెండుసార్లు లెక్కకట్టినట్టవుతుంది.

జూనియర్_ఎస్టిమేటర్:
పద్మ గారూ, స్టోర్ రిజిస్టర్ తీశాను. 2019 పనికి సిమెంటు 7,200 బస్తాలు, స్టీలు 63 టన్నులు కాలేజీ వాళ్లే ఇచ్చారు. అప్పటి రేట్లలో 53 లక్షలు. అసలు ఖర్చు 2.93 కోట్లు, నేటి ధరకి 3.66 కోట్లు. రమ గారి గీత మీద సరిగ్గా కూర్చుంది. నేల మాత్రం ఎర్ర మొరం.

ప్లానింగ్_రమ:
దాన్ని తీసేయడం నా తప్పే. కారణం అడిగి ఉండాల్సింది. కానీ చూడండి, ఆ సరిచేసిన ఒక్కదాన్నే గుణిస్తే 8.13 కోట్లు వస్తుంది. గీత 7.57 అంటోంది. 56 లక్షల తేడా స్థిర ఖర్చులదే.

బిల్లుల_పద్మ:
మీ 7.57ని కూడా అంతగా నమ్మకండి. మీ గీత 22,000 దగ్గర ఆగిపోయింది, జీ+2 దగ్గర ఆగిపోయింది. కింది స్తంభాల మీద ఐదు అంతస్తుల బరువు పడుతుంది, అడుగుకి స్టీలు మూడున్నర కిలోల నుంచి నాలుగున్నర దాకా పోవచ్చు. ఒక్క కిలో పెరిగితే 40 టన్నులు, కిలో 65 లెక్కన 26 లక్షలు. ఈ తొమ్మిదింటిలో ఏదీ ఆ బరువు చూడలేదు, కాబట్టి గీత దాన్ని చెప్పలేదు. స్టీలుకి కిలోల లెక్క, పునాదికి ఘనపు మీటర్ల లెక్క, గదుల ఫినిషింగుకి మాత్రం చదరపు అడుగు లెక్క పెట్టుకోండి.

గీత ఎంత నమ్మదగిందో తెలియాలంటే ఒక్కో బిల్డింగును దాచిపెట్టి, మిగతా ఎనిమిదితో దాని ఖర్చు కట్టి, అసలుతో పోల్చండి. ఆ తేడాలే మీ అంచనా వెడల్పు. తొమ్మిదింటికి ఇది ఒక్క సాయంత్రం పని. ఈ తొమ్మిదింటి సైజులకు బయట ఉన్న కొత్త పనికి వెడల్పు ఇంకా పెంచాలి.

కృష్ణా_కాంట్రాక్టర్:
వెడల్పు! అమ్మా, మీరు ఆఫీసులో కూర్చుని చెప్పే మాట అది. 7.5 నుంచి 9.5 అంటే మేనేజ్‌మెంటు 7.5 ఒక్కటే వింటుంది. ఒకచోట ఇలాగే రఫ్‌గా చెప్పాను, అదే అగ్రిమెంటులో లంప్‌సమ్ అయి కూర్చుంది. పునాది తవ్వితే రాయి పడింది, 31 లక్షలు నా ఇంటి నుంచి పోయాయి. అప్పటి నుంచి నేను ఒక్క అంకే చెబుతాను, అందులోనే రిస్కు వేసుకుంటాను.

ప్లానింగ్_రమ:
అయితే మీ 6.67లో రిస్కు ఎక్కడుంది సార్? సిమెంటు, స్టీలే లేవు కదా. ఒక్క అంకె చెబితే అందులో ఏముందో ఓనర్‌కీ తెలియదు, రేపు మీకూ గుర్తుండదు.

కృష్ణా_కాంట్రాక్టర్:
మీ జీతంలోంచి ఎప్పుడైనా 31 లక్షలు పోయాయా? పోయాక మాట్లాడండి.

బిల్లుల_పద్మ:
కాంట్రాక్టర్ గారి నష్టం నిజమే, కోపం కూడా న్యాయమే. మీ ఇద్దరి తగవు ఇక లెక్క గురించి కాదు. నేల రిపోర్టు లేకుండా చెప్పిన అంకెతో అగ్రిమెంటు రాయవచ్చా అన్నది. నేనైతే రాయనివ్వను. బడ్జెట్ కోసమే అని రాసి, పునాది కొలతల ప్రకారం అని వేరే లైన్ పెడతాను.

కృష్ణా_కాంట్రాక్టర్:
అలా రాస్తే పక్కవాడు పునాదితో కలిపి ఒక్క అంకె చెప్పి పని ఎత్తుకుపోతాడు. వారంలో తెలుస్తుంది మీకు.

సొంతిల్లు_తెనాలి:
నాకు ఆ పునాది లైన్ పెట్టి ఉంటే బాగుండేది.

జూనియర్_ఎస్టిమేటర్:
దాచిపెట్టి చూసే పని మొదలుపెట్టాను. సరిచేసిన 2019ది కలిపాక ఏడు బాగానే వచ్చాయి. రెండు ఎక్కువగా చూపిస్తున్నాయి. ఒకదాని బిల్లులో ప్రహరీ గోడ కూడా ఉందని ఇప్పుడే కనబడింది. ఇంకోదాని ఫైలు గోడౌన్‌లో ఉంది, రేపు తీయిస్తాను. నేల పరీక్షకి బోర్లు ఈ వారం వేయించమని కాలేజీ వాళ్లని అడిగాను. ఇంకా ఏమీ చెప్పలేదు.