146 ఆటలున్నాయి, రాత్రికి ఏది ఆడాలో తేలక చస్తున్నా

బురుజు నీడ (కర్నూలు): నిన్న రాత్రి పది నుంచి పన్నెండున్నర దాకా స్టీమ్ లైబ్రరీ పైకీ కిందికీ తిప్పుతూ కూర్చున్నా, ఒక్క ఆటా ఆడలేదు. సేల్ వచ్చినప్పుడల్లా కొన్నవి 146, అందులో సగానికి పైగా తెరవనే లేదు. విచర్ 3 తెరిచి, ఇంత పెద్దది ఇప్పుడెందుకులే అని మూసేసినా. హేడీస్ పెడితే ఐదు నిమిషాలకే విసుగొచ్చింది. చివరికి ఫోన్‌లో రీల్స్ చూసి పడుకున్నా. ఇంత బ్యాక్‌లాగ్ ఉన్నోళ్లు ఎట్లా ఎంచుకుంటారప్పా?

అనంత ఎండ: 146 బ్యాక్‌లాగులా! ఏ కాలేజీ నాయనా నీది? నాకు నాలుగు సప్లీలు మిగిలినప్పుడే మా నాయన ఇంట్లోకి రానీలేదు. ముందు ఈజీ సబ్జెక్టులు రాసెయ్.

బురుజు నీడ: సబ్జెక్టులు కాదన్నా, ఆటలు.

కారం దోసె: మూడు ఉంచుకో. మిగతావి దాచెయ్.

మధు_కడప: HowLongToBeat సైట్‌లో ఒక్కో ఆట ఎన్ని గంటలో చూసి, చిన్నవాటి నుంచి మొదలుపెట్టు. విచర్ 3 కథ ఒక్కటే 50 గంటల దాకా పడుతుంది, అది చివరికి పెట్టుకో. అయినా ఆడనివన్నీ బ్యాక్‌లాగ్ కాదు, ఆడాలనుకుని ఆగిపోయినవే బ్యాక్‌లాగ్. సేల్‌లో చవగ్గా వచ్చిందని కొన్నవి సామాను, అంతే. అసలు తప్పు సేల్‌లో ఉంది, ఆ టైమర్ చూపించి మనతో కొనిపిస్తారు...

పెన్న ఒడ్డు: మధు చెప్పినదాంట్లో గంటల లెక్క సగమే నిజం. మొత్తం ఎన్ని గంటలు అన్నది ఈ రాత్రికి పనికిరాదు. ఒక్కసారి కూర్చుంటే ఎంతసేపటికి నష్టం లేకుండా లేవగలవు అన్నదే చూడాలి. తమ్ముడూ, నీకు రోజుకి ఎంత టైమ్ దొరుకుతుంది? ఏ పని చేసి వచ్చి కూర్చుంటావు? అది చెప్పకుండా అడిగితే ఎవరేం చెప్తారు?

బురుజు నీడ: అది చెప్పలేదు కదా, సారీ. పొద్దున ఆరుకి డ్యూటీ. రాత్రి పాప పడుకున్నాక 10:15 నుంచి 11 లోపు. మధ్యలో లేస్తే పరుగెత్తాలి. కరెంటు కూడా నమ్మకం లేదు, పాత ల్యాప్‌టాప్, బ్యాటరీ పది నిమిషాలు కూడా ఆగదు.

పెన్న ఒడ్డు: ఇప్పుడు తెలిసింది. నీకున్నది 45 నిమిషాలు, అలసిపోయిన బుర్ర, ఎప్పుడైనా లేవాల్సిన పరిస్థితి. స్టార్‌డ్యూ వ్యాలీ ఉందా? అందులో ఒక రోజు మనకు దాదాపు 14 నిమిషాలు. నిద్రపోతేనే సేవ్ అవుతుంది, కాబట్టి కరెంటు పోయినా పోయేది ఆ ఒక్క రోజే. పాప ఏడిస్తే మెనూ తెరిచి పెట్టు, టైమ్ ఆగిపోతుంది. రెండు రోజులు ఆడితే 28 నిమిషాలు, హాయిగా పడుకోవచ్చు.

హేడీస్ కూడా మధ్యలో ఆపొచ్చు, ఉన్న గది మొదటి నుంచి మళ్లీ మొదలవుతుంది. టైమ్ పరంగా నీకు సరిపోతుంది. కానీ దానికి చేతుల్లో చురుకు కావాలి, రాత్రి పదికి నీకది ఉండదు. విసుగొచ్చింది అందుకే, ఆట చెడ్డదై కాదు. సెలవు రోజు పగలు పెట్టి చూడు. అవుటర్ వైల్డ్స్ ఉంటే దాన్నీ ఆదివారానికి పెట్టుకో. 22 నిమిషాలకోసారి మొదటికొస్తుంది కదా, పొట్టిది అనుకుంటారు. కానీ కిందటిసారి ఏం కనిపెట్టామో తలలో ఉంచుకోవాలి, పది రోజులు వదిలేస్తే దారం తెగుతుంది.

లైబ్రరీలో రైట్ క్లిక్ చేసి మూడు కలెక్షన్లు చేసుకో: "అలసిన రాత్రి", "చురుకైన పూట", "సెలవు రోజు". ఒక్కోదాంట్లో మూడు ఆటలు మించొద్దు. ఈ పని పగలు చెయ్, రాత్రి చేస్తే మళ్లీ స్క్రోలింగే.

కారం దోసె: మూడ్ సంగతి? ముందే పేరు పెట్టి పెట్టెలో పెడితే మూడ్ వింటుందా?

పెన్న ఒడ్డు: వినదు. అందుకే మూడ్‌తో మొదలుపెట్టను. టైమ్, ఓపిక చూసుకుని మిగిలిన మూడింట్లో ఏది మనసైతే అది. పావుగంట ఆడి నచ్చకపోతే రెండోది. మూడోదీ నచ్చకపోతే ఆ రోజు నిద్రే.

మధు_కడప: పావుగంటకి ఏ ఆట తెలుస్తుందక్కా? కొన్ని ఆటలు నేర్పడానికే గంట తీసుకుంటాయి.

పెన్న ఒడ్డు: అవి అలసిన రాత్రి కలెక్షన్‌లోకే రాకూడదు. రెండు నెలలు వదిలేసిన ఆట కూడా అంతే, ఏ బటన్ ఏంటో గుర్తుండదు, మళ్లీ మొదటి పూట భారమే.

అనంత ఎండ: నా పీఎస్4 రెస్ట్ మోడ్‌లో ఉండగా కరెంటు పోయింది, వదిలేసిన చోటు పోయి పాత సేవ్ నుంచి మొదలైంది. ఇన్వర్టర్ కొనమంటే మా ఆవిడ వినడం లేదు, ఏది మంచిదో ఎవరైనా చెప్పండి.

మధు_కడప: దానికి వేరే పోస్ట్ పెట్టన్నా. ఇంతకీ సామాను, బ్యాక్‌లాగ్ ఒకటి కాదని ఒప్పుకుంటారా లేదా?

బురుజు నీడ: స్టార్‌డ్యూ పెట్టినా అక్కా. రెండు రోజులనుకుంటే ఐదయినాయి, పొద్దున డ్యూటీకి లేటు. థ్యాంక్స్. విచర్ ఏ కలెక్షన్‌లో పెట్టాలో మాత్రం తేలలేదు.