పంపినచో, పంపనిచో: అవ్వ కరపత్రం నుంచి అల్లుని మెసేజ్ దాకా

జొన్నరొట్టె, ప్రొద్దుటూరు

మా అవ్వ పెట్టె సర్దుతాంటే అడుగున ఒక కరపత్రం దొరికింది. గులాబీరంగు పలచని కాయితం, నాలుగు మడతలు. తిరుపతి కొండ మీద ఒక పెద్ద సర్పం కనిపించి, వృద్ధుని రూపం దాల్చి పూజారితో మాట్లాడిందని మొదలవుతుంది. మధ్యలో సాక్ష్యాలు: ఒక వ్యాపారి నమ్మి అచ్చు వేయిస్తే లాటరీ తగిలింది, ఒకడు బూటకమని చించేస్తే నాలుగో దినమే కొడుకు పోయినాడు. చివర ఇట్లుంది: "ఈ కరపత్రమును 1000 ప్రతులు అచ్చు వేయించి పంచినచో 9 దినములలో కోరిక నెరవేరును. నిర్లక్ష్యము చేసినచో కష్టనష్టములు కలుగును."

అది చదివిన పొద్దే మా అక్క కొడుకు ఫోన్లో ఇది పంపినాడు: "ఈ మెసేజ్‌ను 10 మందికి పంపినచో మీకు ఏమీ జరగదు. పంపనిచో కూడా ఏమీ జరగదు. అనంతపురంలో ఒక విద్యార్థిని దీనిని నిర్లక్ష్యము చేసినది. సాయంత్రం 5 గంటలకు ఇంటికి పోయి అన్నము తినినది."

వానికి 19 ఏండ్లు. ఇంట్లో నోరు తెరిస్తే "పంపకుంటే", "తినకుంటే" అనేవాడు. ఈ "పంపనిచో" వానికి యాడ దొరికింది? అసలు ఆ "చో" ఏంది? ఇంకొకటి, ఇట్లాంటివాటిని మీ దిక్కు ఏమంటారు? మా ఇంట్లో "గొలుసు జాబు" అనేవాళ్లు.

తుంగభద్ర గట్టు, కర్నూలు

"చో" సంస్కృతం నుంచి వచ్చింది సార్. "చేత్" అంటే "అయితే" అని అర్థం, వాక్యం మొదట్లో రాదు. అదే మన నోట్లో పడి "చో" అయింది. అందుకే పూజలూ వ్రతాలూ ఉన్న చోట ఎక్కువగా కనిపిస్తుంది. మా దిక్కు వీటికి వేరే పేరు లేదు, కరపత్రం అంటే అదే.

బడిపంతులు, కడప

చేత్‌కు ఆ అర్థం ఉన్న మాట నిజమే, అందుకే మీకు అట్లా తోచింది. కానీ "చో" తెలుగే. ఇచ్చోట, అచ్చోట అంటామే, ఆ చోటే ఇది. "పంపిన చోట" అన్నది కురచై "పంపినచో" అయి నిలిచింది. "పంపిన యెడల" కూడా అదే దారి. ఎడ అన్నా తావే. ఎడం, ఎడబాటు అన్న మాటల్లో ఆ తావు ఇప్పటికీ ఉంది. మనం "వచ్చినకాడికి చాలు" అంటాం, అందులో కాడ కూడా తావే గదా. తావును చెప్పే మాటను తెచ్చి షరతు చెప్పడం మన భాషకు కొత్త కాదు.

ఇక పూజల సంగతి. మీరు అన్నదాంట్లో సగం సరే. ఈ కరపత్రం నడక ఫలశ్రుతి నుంచి వచ్చింది. సత్యనారాయణ వ్రతకథ గుర్తు చేసుకోండి. కళావతి మొగుడు వచ్చినాడన్న తొందరలో ప్రసాదం తీసుకోకుండా పరుగెత్తితే పడవ మునిగిపోతుంది. తుంగధ్వజుడు గొల్లవాళ్లు ఇచ్చిన ప్రసాదం వద్దంటే నూరుగురు కొడుకులు పోతారు. చేసినవానికి మేలు, నిర్లక్ష్యం చేసినవానికి కీడు, వెంటనే ఇంకొక సాక్ష్యం. కరపత్రం కట్టు కూడా అదే.

తేడా ఒకటుంది. వ్రతకథలో మనుషులకు పేర్లు ఉన్నాయి. కళావతి వెనక్కి పోయి ప్రసాదం తీసుకుంటే మొగుడు దక్కుతాడు, తుంగధ్వజుడు తప్పు తెలుసుకుంటే పోయినవన్నీ తిరిగి వస్తాయి. కరపత్రంలో చించినవానికి ఆ దారి లేదు, పేరు కూడా లేదు. "ఒక వ్యాపారి", "ఒకడు". మనిషి ఎవరో తెలియదు గాని, దినాల లెక్క మాత్రం కచ్చితంగా ఉంటుంది.

మల్లెపందిరి, ఆదోని

వీటిని ఆపేదానికి ఏమన్నా ఉపాయం ఉంటే చెప్పండి అన్నా. మా అమ్మకు 68 ఏండ్లు. ఇట్లాంటిది వచ్చిందంటే రాత్రి పడుకోదు. పోయిన వారం ఒకటి పది మందికి పంపబోతే ఫోను ఒక్కరికే పంపనిచ్చింది. "దేవుడే అడ్డం పెట్టినాడు, ఏదో కీడు ఉంది" అని ఏడ్చింది.

జొన్నరొట్టె

అక్కా, నేను అడిగింది మాట గురించి. కానీ అమ్మ సంగతి ముందు చూడాల్సిందే. ఎవరికన్నా తెలిస్తే చెప్పండి.

సిగ్నల్ లేదు, అనంతపురం

అక్కా, అది దేవుడు కాదు, వాట్సాప్. 2018 నుంచి మన దేశంలో ఒక మెసేజ్‌ను ఒకసారికి 5 చాట్లకు మించి ఫార్వర్డ్ చేయనీదు. అప్పటికే చానా చేతులు మారిన మెసేజ్ అయితే పైన రెండు బాణాల గుర్తు పడుతుంది. దాన్ని 2020 నుంచి ఒకసారికి ఒక్క చాట్‌కే పంపనిస్తుంది. అమ్మకు ఆ రెండు బాణాలు చూపించండి. "ఇది ఇప్పటికే వేలమంది దగ్గరికి పోయింది, ఇంక నువ్వు పంపే పని లేదు" అని చెప్పండి. మా నాయనమ్మకు అట్లనే చెప్పినా. నిమ్మళపడింది.

జొన్నరొట్టె అన్నా, మీ అల్లుడు పంపిన మాదిరివి నేను కూడా రాస్తా. "పంపినచో" మాకు బడి గోడల మీద దొరికింది. "ఇచ్చట ఉమ్మి వేసినచో జరిమానా", "ఆలస్యమైనచో లోనికి అనుమతి లేదు". నోటీసులన్నీ అట్లనే కదా ఉండేది.

రాసే పద్ధతి చెప్తా. మొదటి వాక్యం నిజమైన దాని మాదిరే ఉండాల, అక్కడ నవ్వించకూడదు. రెండో వాక్యంలో ఊరు, మనిషి పని. పేరు పెట్టకూడదు. పేరు పెడితే అది మన క్లాసు పిల్లోని మీద జోకు అయిపోతాది. మూడోదాంట్లో ఫలితం. చానామంది చెడగొట్టేది అక్కడే. "పంపకుంటే నీ తలకాయ పేలిపోతాది" అని పెద్దది రాస్తారు. అసలు మెసేజ్‌లోనే కొడుకు చచ్చిపోయినాడని ఉంది, దాని కంటే పెద్దది యాడ తెస్తావు? అందుకే చిన్నది పెట్టాల. "గుత్తిలో ఒక డ్రైవరు దీనిని తుడిచివేసెను. మరుదినము హోటలులో ఉగ్గాని మిగిలెను గాని బజ్జీ అయిపోయెను." ఇది మా గ్రూపులో బాగా తిరిగింది. మొత్తం మన యాసలో రాసి చూసినా. "పంపకుంటే నీకు బజ్జీ దొరకదు పో" అంటే ఎవరూ నవ్వలేదు. ఇంట్లో వాళ్లు తిట్టినట్టు ఉంది. "మిగిలెను" అని పైకి ఎక్కించి "బజ్జీ" దగ్గర దించితేనే పని చేస్తుంది.

తుంగభద్ర గట్టు

అంటే మీకు పెద్దల నమ్మకం మీద నవ్వు.

సిగ్నల్ లేదు

కాదు సార్. మా నాయనమ్మ మీద నేను నవ్వను. చిన్నప్పుడు నాకు కూడా ఒక మెసేజ్ వచ్చింది, పంపకుంటే అమ్మకు ఏమన్నా అయితాదని ఉంది. నా దగ్గర బ్యాలెన్సు లేదు. నాలుగు రోజులు అమ్మ బడికి రాను ఆలస్యమైతే గుండె కొట్టుకునేది. ఆ వాక్యం అంటే నాకు ఇప్పటికీ కోపం. దాని మాటలే తీసుకొని బజ్జీ దగ్గరికి తెచ్చినప్పుడు ఆ కోపం కొంచెం తగ్గుతుంది.

బడిపంతులు

అబ్బాయి బ్యాలెన్సు అన్నాడు కాబట్టి ఒక సంగతి. ఎస్సెమ్మెస్ కాలంలో ఈ "చో" కొన్నాళ్లు కనబడకుండా పోయింది. తెలుగు లిపిలో రాస్తే ఒక ఎస్సెమ్మెస్‌కు 70 అక్షరాలే పట్టేవి, ఇంగ్లీషు అక్షరాల్లో అయితే 160. అందుకని అందరూ ఇంగ్లీషు అక్షరాల్లోనే తెలుగు కుక్కేవాళ్లు, "పంపితే", "పంపకపోతే" అని పొట్టిగా. సర్పం కథ పోయింది, సాక్ష్యాలు పోయినాయి, షరతూ బెదిరింపూ మిగిలినాయి. ఫోన్లో తెలుగు మీటలు వచ్చినాక మళ్లీ "పంపినచో" కనిపించింది. నేను చూసినంతలో చెప్తున్నా, మీకు వేరేగా గుర్తుంటే చెప్పండి.

కంపోజిటర్ తాత, అనంతపురం

నేను సీసం అక్షరాలు ఏరి ఈ కరపత్రాలు కంపోజు చేసినవాణ్ని. ఒక చిన్న ప్రెస్సులో 14 ఏండ్లు. పెళ్లిళ్ల కాలం అయిపోయినాక ఇవే మాకు పని. మనిషి వస్తాడు, చేతిలో ఎవరో ఇచ్చిన పాత కరపత్రం ఉంటాది, "ఇదే మాదిరి వెయ్యి కొట్టండి" అంటాడు. ఎవరూ కొత్తగా రాసి తేలేదు. ఒక్క అక్షరం మార్చద్దు అనేవాళ్లు, మారిస్తే ఫలం పోతాదని. అందుకే ఆ పాత భాష అట్లనే నిలిచింది. పంతులుగారు ఫలశ్రుతి అన్నారు, ఉండచ్చు. నేను చూసింది మాత్రం ఈ భయమే.

మార్చద్దు అన్నా మారేది. చూసి ఏరేటప్పుడు కన్ను జారుతాది. ఒకసారి "నాలుగు దినములలో" అన్నది నా చేతిలో "నలుగురు దినములలో" అయింది. వెయ్యి కాపీలు పోయినాక చూసినా. రెండు నెలలకు ఇంకొకాయన ఆ కాయితమే తెచ్చినాడు. సరిచేస్తానంటే ఒప్పుకోలేదు. "నలుగురు" అనే మళ్లీ కొట్టినాం. ఇంక వెయ్యి అంకె కూడా అంతే, కొన్నిట్లో 100, కొన్నిట్లో 500. డబ్బు లేనివాడు సున్నా తీసేయమనేవాడు. అక్షరం మారకూడదు గాని అంకె మారచ్చు. అది ఎవరు పెట్టిన నేమమో నాకు తెలియదు.

పంతులుగారు చించినవానికి దారి లేదన్నారు. కొన్నిట్లో ఉండేది సార్. "తిరిగి అచ్చు వేయించగా వ్యాధి నయమాయెను" అని నా చేతులతోనే పేర్చినా.

బడిపంతులు

అట్లయితే నా మాట వెనక్కి తీసుకుంటున్నా. ఆ వాక్యం ఉన్న కాయితం ఎవరి దగ్గరన్నా ఉంటే ఫొటో పెట్టండి, చూడాలని ఉంది.

మల్లెపందిరి

రెండు బాణాలు చూపించినా. అమ్మ ఒప్పుకుంది. కానీ ఇప్పుడే తెలిసింది, ఆ రాత్రి ఆమె పంపబోయింది ఇట్లాంటి పిల్లల మెసేజే. పైన "10 మందికి పంపినచో" అన్నంత వరకే చదివింది, కింద బజ్జీ దాకా రాలేదు.

సిగ్నల్ లేదు

అక్కా, అది నాదేనేమో. మొదటి వాక్యం నిజమైన దాని మాదిరి ఉండాలన్నది నేనే. దీనికి ఏం చేయాలో నాకు తెలియడం లేదు. "ఏమీ జరగదు" అన్నది మొదటికి తెస్తే అమ్మకు అర్థమవుతుంది గాని, మెసేజ్ చచ్చిపోతాది.

కంపోజిటర్ తాత

జొన్నరొట్టె నాయనా, ఆ కాయితం కింది అంచున చిన్న అక్షరాల్లో ప్రెస్సు పేరు, ఊరు ఉంటాది, చూడు. "నలుగురు" అని ఉందేమో కూడా చూడు.

జొన్నరొట్టె

చూసినా తాతా. "నాలుగవ దినమున" అనే ఉంది. కింది అంచు చినిగిపోయింది, ప్రెస్సు పేరు లేదు. కానీ వెనక పక్క పెన్సిల్ గీతలు ఉన్నాయి. పాలలెక్క మాదిరి ఐదేసి గీతలు, అడ్డంగా కొట్టినవి. ఎంచినా, 37 దగ్గర ఆగినాయి. అవ్వకు చదువు రాదు, చేతితో రాసి పంచే వీలు లేదు. అచ్చు వేయించినట్టు ఇంట్లో ఎవరికీ గుర్తు లేదు. ఆ 37 దేని లెక్కో మా అమ్మను అడగాల.