మెట్ల కింది గదిలో నిండు గ్యాస్ బండ పెట్టవచ్చా?

సి క్యాంపు కోడలు: మాది రెండు బండల కనెక్షన్, అద్దె ఇల్లు, వంటిల్లు ఇరుకు. నిండు బండను మెట్ల కింద, ఇన్వర్టరు ఉన్న చిన్న గదిలో పెట్టుకోవచ్చా?

వెంకటరమణ కాలనీ: నిరభ్యంతరంగా పెట్టుకోవచ్చు. మే నెలలో కర్నూలు ఎండకు బయట ఇనుము ముట్టుకోలేము. అలాంటి ఎండలో బండను వదిలేయడం కంటే చల్లని గదిలో ఉంచడమే మేలు. నా ఇంట్లో పన్నెండేళ్లుగా అక్కడే ఉంది. గదికి కిటికీ కూడా పెట్టించాను.

పాత స్టౌ మెకానిక్: ఎండ తగలకూడదన్న మాట నిజమే. అయితే ఆ గది మాత్రం తగదమ్మా. ఈ గ్యాస్ గాలి కంటే బరువైనది కనుక, లీకైతే నేల మీదే పరచుకుంటుంది. నాలుగడుగుల ఎత్తున ఉన్న కిటికీ దానిని బయటికి పంపలేదు. మీ గది రెండు మీటర్ల పొడవు, మీటరు వెడల్పు, మీటరున్నర ఎత్తు ఉంటుందనుకుందాం, అంటే మూడు ఘనపు మీటర్ల గాలి. అందులో సుమారు రెండు శాతం గ్యాస్ కలిస్తే చాలు, నిప్పు అందుకుంటుంది. అంటే 120, 130 గ్రాముల గ్యాస్, 14.2 కిలోల బండలో నూరో వంతు కూడా కాదు. అదీ గది నిండా సమానంగా కలిసినప్పటి లెక్క. నేల దగ్గరే పేరుకుంటుంది కనుక అంతకంటే తక్కువకే ప్రమాదం ఉంటుంది. కరెంటు పోయి ఇన్వర్టరు అందుకున్నప్పుడు లోపల వచ్చే చిన్న మెరుపు దానికి సరిపోతుంది.

బుధవారపేట: మా ఏజెన్సీ వాళ్లు బుక్ చేసిన తొమ్మిది రోజులకు గానీ బండ ఇవ్వలేదు. అందుకే నేను మూడు ఉంచుకుంటాను. మొదట వాళ్లను అడగండి.

వెంకటరమణ కాలనీ: మెకానిక్ గారూ, నిండు బండకు రెగ్యులేటరే పెట్టరు, మూత, సీలు ఉంటాయి. లీకు ఎక్కడి నుంచి వస్తుంది? కిటికీ సంగతి వదిలి దీనికి జవాబు చెప్పండి.

పాత స్టౌ మెకానిక్: వాల్వు లోపలి రబ్బరు వాషరు నుంచి వస్తుంది. అది నలిగినా, ఇసుక రేణువు పడినా సన్నగా కారుతుంది. బండ ఇంటికి రాగానే, తెచ్చినతను వెళ్లక ముందే మూత తీయించి, వాల్వులో రెండు చుక్కల సబ్బు నీళ్లు వేసి చూడండి. బుడగ లేస్తే ఆ బండ వెనక్కు పంపాలి. లేకపోతే మూత మళ్లీ గట్టిగా బిగించి, దారంతో బండకే కట్టి ఉంచాలి. తర్వాత ఎప్పుడైనా లీకు కనబడితే ముందు ఆ మూతే కాపాడుతుంది. మూయడానికి వీలైతే మూసి, స్విచ్చులు ముట్టుకోకుండా బండను ఆరుబయట నీడకు చేర్చి, 1906కు ఫోన్ చేయాలి. గ్యాస్‌కు ఘాటైన వాసన కలిపేది మనకు తెలియడానికే, కానీ వారానికొకసారి తెరిచే గదిలో ఆ వాసన ఎవరికి తెలుస్తుంది?

వెంకటరమణ కాలనీ: మీకు చెప్పడం సులభం. మా కింది భాగంలో అద్దెకున్నవాళ్లు వరండాలో పెట్టుకున్న నిండు బండను రాత్రికి రాత్రి ఎవరో ఎత్తుకెళ్లారు. ఇంటి యజమానిని కనుక నేనే బాధ్యుడినని నాతో గొడవపడి, ఆ నెల అద్దెలో దాని ధర పట్టుకున్నారు. అప్పటి నుంచి బండలన్నీ మెట్ల కింద పెట్టించి తాళం వేయిస్తున్నాను.

పాత స్టౌ మెకానిక్: అన్నా, ఇది మొదటే చెప్పి ఉంటే ఇంత వాదన అయ్యేది కాదు. మీ భయం దొంగతనం గురించి, నా భయం లీకు గురించి. వెనుక వరండాలో పైన రేకు నీడ, ముందు ఇనుప జాలీ తలుపు, దానికి తాళం పెట్టించండి. తలుపు అడుగు నుంచీ జాలీయే ఉండాలి, గ్యాస్ నేల మీదుగానే బయటికి పోవాలి కనుక. పక్కన మురుగు కాలువ నోరు గానీ, నీటి సంపు మూత గానీ ఉండకూడదు. గ్యాస్ వాటిలోకి దిగి నిలుస్తుంది. బండను ఎప్పుడూ నిలువుగానే ఉంచాలి, పడుకోబెట్టకూడదు.

సి క్యాంపు కోడలు: ఈ మధ్యాహ్నమే బండను మెట్ల కింది నుంచి తీసి వెనుక వరండాలో నీడకు చేర్చాము. అక్కడ సంపు మూత మూడడుగుల దూరంలోనే ఉంది, కాబట్టి రెండో మూలకు జరపాలి. జాలీ తలుపు ఖర్చు తనది కాదని ఇంటాయన అంటున్నారు.

వెంకటరమణ కాలనీ: యజమాని ఎందుకు పెట్టాలి? బండ అద్దెకున్నవారిది కదా.

బుధవారపేట: ఇల్లు ఎవరిదండీ?