పెరుగన్నంతో కుక్క బాగుంటే పిల్లికి ఏమైంది?

సీక్యాంప్ శశి, కర్నూలు
మాది పూర్తి శాకాహారం ఇల్లు. మా కుక్క చిన్నప్పటి నుంచి పెరుగన్నం, జొన్నరొట్టె, పప్పు తిని దిట్టంగా ఉంది. పోయిన ఏడాది ఒక పిల్లిపిల్లను తెచ్చుకున్నాం. అదీ అదే తింటోంది. పైఅంతస్తు కాబట్టి బయటికి వదలం. తెలిసినవాళ్లు “మాంసం పెట్టకపోతే దాని కళ్లు పోతాయి” అని భయపెడుతున్నారు. నిజమేనా? కుక్కకు సరిపోయే తిండి పిల్లికి ఎందుకు సరిపోదు? ఇంట్లో మాంసం వండేది మాత్రం లేదు.

ప్రొద్దుటూరు మామ
శశీ, నువ్వేం టెన్షన్ పడొద్దు. మా పల్లెలో ప్రతి ఇంట్లో పిల్లి ఉండేది. మా అమ్మ పొద్దున ఇంత మజ్జిగన్నం, రాత్రి ఇంత పాలన్నం వేసేది. అంతకు మించి ఎవరూ ఏమీ పెట్టలేదు. పిల్లులు పదేళ్లు, పన్నెండేళ్లు బతికాయి. కళ్లు పోయిన పిల్లిని నేను చూడలేదు. ఇవన్నీ తిండి ప్యాకెట్లు అమ్ముకునేవాళ్లు చెప్పే మాటలు.

అనంత డాక్టరమ్మ
మామా, మీరు చూసింది నిజమే. కానీ ఆ పిల్లులు మజ్జిగన్నం మీదే బతికాయనుకోవడం దగ్గరే తేడా వస్తోంది. వేరుశనక్కాయల బస్తాలున్న ఇంట్లో పిల్లి రాత్రంతా ఏం చేస్తుందో మీకు తెలుసు. ఎలుక, బల్లి, పిచ్చుక, దేన్ని పట్టినా గుండె, కాలేయం, మెదడుతో సహా తింటుంది. దాని కళ్లకూ గుండెకూ కావాల్సిన టౌరిన్ అనే పోషకం అంతా అందులోనే దొరుకుతుంది. అమ్మ వేసిన అన్నం కడుపు నింపింది, ఎలుక లోటు తీర్చింది. శశి ఇంట్లో పిల్లికి ఆ ఎలుక లేదు. పైఅంతస్తులో తలుపులు వేసి పెంచే పిల్లికి గిన్నెలో వేసిందే మొత్తం ఆహారం. అందుకే పల్లె పిల్లిని చూసి దీని సంగతి తేల్చలేం.

కడప వేణి
ఇదంతా ప్రోటీన్ సమస్య అని నేను చదివాను. పిల్లికి కుక్క కన్నా ప్రోటీన్ చాలా ఎక్కువ కావాలి. అన్నంలో అది లేదు. పనీర్, మీల్‌మేకర్, ఉడికించిన గుడ్డు పెడితే సరిపోతుంది కదా? గుడ్డు వరకు ఒప్పుకునే శాకాహారులు చాలామందే ఉన్నారు.

అనంత డాక్టరమ్మ
వేణీ, మొదటి సగం సరిగ్గా చెప్పావు. పిల్లి కాలేయం ప్రోటీన్‌ను ఎప్పుడూ ఇంధనంగా కాలుస్తూనే ఉంటుంది. తిండిలో తగ్గినా ఆ కాల్చడం పెద్దగా తగ్గదు. కాబట్టి ఎక్కువ కావాలన్నది నిజం. కానీ మీల్‌మేకర్ ఎంత పెట్టినా అందులో టౌరిన్ ఉండదు. గుడ్డులో దాదాపు లేదు. పాలు, పెరుగు, పనీర్‌లో ఉన్నది లెక్కలోకి రానంత.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. “కుక్కకు టౌరిన్ మొక్కల నుంచి వస్తుంది” అనుకుంటారు, అది కూడా సరి కాదు. పప్పులోనూ జొన్నలోనూ టౌరిన్ లేదు. వాటిలో మిథియోనిన్, సిస్టీన్ అనే రెండు ముడిసరుకులు ఉంటాయి. కుక్క కాలేయం వాటిని తీసుకుని టౌరిన్ తయారు చేసుకుంటుంది. పిల్లికీ ఆ ముడిసరుకు అందుతుంది. కానీ తయారు చేసే రెండు ఎంజైములు పిల్లిలో చాలా మందకొడిగా పనిచేస్తాయి. వచ్చిన సిస్టీన్‌లో ఎక్కువ భాగం వేరే దారిలో వెళ్లిపోతుంది.

ఆదాయం ఇంత తక్కువైనా ఖర్చు మాత్రం ఆగదు. కొవ్వు అరగడానికి కాలేయం పైత్యరసం వదులుతుంది. అందులోని ఆమ్లాలకు పిల్లి టౌరిన్‌నే జోడిస్తుంది. మనుషుల్లో టౌరిన్ తగ్గితే దాని చోట గ్లైసిన్ వాడుకునే వెసులుబాటు ఉంది, పిల్లికి అది లేదు. రోజూ కొంత టౌరిన్ పేగుల్లోని బ్యాక్టీరియా పాలవుతుంది, కొంత మలంలో పోతుంది. పోయినంతా తిండిలోంచే రావాలి. రాకపోతే కంట్లోంచీ గుండెలోంచీ నిల్వలు తగ్గుతూ వస్తాయి.

ఆదోని నాగ
నేను చూసింది చెప్తాను. మా వీధిలో ఒకరికి రెండు కుక్కలు, ఒక పిల్లి. మూడింటికీ కుక్కల తిండి ప్యాకెట్టే. అందులో కోడిమాంసం ఉందని రాసుంది కాబట్టి పిల్లికీ పనికొస్తుందనుకున్నారు. పిల్లి బొద్దుగా, బొచ్చు మెరుస్తూ ఉండేది. రెండేళ్లకు అల్మరా మీదికి దూకబోయి కింద పడడం మొదలైంది. మిట్టమధ్యాహ్నం ఎండలో కూడా కంటిపాపలు వెడల్పుగానే ఉండేవి. ఇంట్లో కుర్చీ జరిపితే దానికి గుద్దుకునేది. డాక్టరు కంట్లోకి లైటు వేసి చూసి, రెటీనా పాడైంది, చూపు తిరిగి రాదు అన్నారట. మాంసం ఉన్న తిండే కదా, మరి ఎందుకిలా?

అనంత డాక్టరమ్మ
నాగన్నా, కుక్కల తిండికి టౌరిన్ ఇంత ఉండాలనే కనీస కొలత పెట్టలేదు, కుక్క సొంతంగా చేసుకుంటుంది కాబట్టి. మాంసం కొంత కలిపినా, పిండి పాలు ఎక్కువై, వేడికి కొంత పోయి, మిగిలే టౌరిన్ పిల్లికి చాలకపోవచ్చు. కుక్కల తిండి మీద పెరిగిన పిల్లుల్లో రెటీనా దెబ్బతినడం 1970లలోనే గమనించారు. 1975లో హేస్ అనే పరిశోధకుడి బృందం టౌరిన్ లోటే దానికి కారణమని చూపించింది.

మీరు చెప్పిన లక్షణాల్లో గమనించాల్సింది ఒకటుంది. పిల్లి రెండేళ్ల పాటు పైకి బాగానే కనిపించింది. రెటీనా మధ్యభాగంలో మొదలైన మచ్చ మెల్లగా పాకుతుంది. పిల్లి మీసాలతో, చెవులతో, ఇల్లు గుర్తుపెట్టుకుని నెట్టుకొస్తుంది. మనకు తెలిసేసరికి చాలా భాగం పోయి ఉంటుంది. ఆ దశలో టౌరిన్ ఇస్తే ఉన్న చూపు నిలుస్తుంది, పోయింది రాదు.

గుండె అలా కాదు. 1987లో కాలిఫోర్నియాలోని డేవిస్‌లో పాల్ పియన్ బృందం, గుండె సాగి పల్చబడిన పిల్లుల రక్తంలో టౌరిన్ బాగా తగ్గిందని చూసింది. టౌరిన్ ఇస్తే చాలా పిల్లుల గుండె మళ్లీ బలంగా కొట్టుకోసాగింది. ఆ పిల్లులు తిన్నది పిల్లుల కోసమే తయారైన ప్యాకెట్ తిండి. అప్పటి కొలత ప్రకారం టౌరిన్ అందులో ఉంది కూడా. డబ్బాలో వేడి చేసిన తిండిని పేగుల్లోని బ్యాక్టీరియా వేరేగా అరిగిస్తుంది, దాంతో టౌరిన్ ఎక్కువ నష్టమవుతుందని తర్వాత తేలింది. అందుకే ఈ రోజు అమెరికా ప్రమాణాల్లో పొడి తిండికి 0.1 శాతం, డబ్బా తిండికి 0.2 శాతం అని వేరువేరుగా ఉంటుంది, నీళ్లు తీసేసి లెక్క వేసినప్పుడు. ఆ మార్పు తర్వాత ఈ గుండె జబ్బు చాలా అరుదైంది.

ఎమ్మిగనూరు కుర్రోడు
అయితే సింపుల్. ఎనర్జీ డ్రింక్‌లో టౌరిన్ ఉంటుంది కదా. రోజూ పెరుగన్నంలో ఒక చెంచా కలిపితే పని అయిపోతుంది.

అనంత డాక్టరమ్మ
దయచేసి అలా చేయొద్దు, ఎవరికీ చెప్పొద్దు కూడా. అందులో కెఫిన్ ఉంటుంది. పిల్లికి అది విషం, గుండె దడ, మూర్ఛలు రావచ్చు.

ఉత్త టౌరిన్ పొడి మందుగా దొరుకుతుంది. గుండె జబ్బు ఉన్న పిల్లికి మేం పూటకు 250 మిల్లీగ్రాముల చొప్పున రోజుకు రెండు పూటలు ఇస్తుంటాం. కానీ పెరుగన్నంలో అది కలిపితే తీరేది ఒక్క లోటే. మన ఇళ్లలో క్యారెట్, ఆకుకూర కళ్లకు మంచిదంటాం. మనం, కుక్క వాటి రంగుపదార్థాన్ని విటమిన్ ఎగా మార్చుకుంటాం. పిల్లికి అది చేతకాదు, తయారైన విటమిన్ ఎ నేరుగా కావాలి. అరాకిడోనిక్ ఆమ్లం అనే కొవ్వు సంగతీ అంతే. కుక్క నూనెల నుంచి చేసుకుంటుంది, పిల్లికి అందులో చాలా కొద్దిపాటి శక్తే ఉంది.

అలాగని కార్జం రోజూ పెట్టమని కాదు. కార్జంలో విటమిన్ ఎ మరీ ఎక్కువ. అదే పనిగా నెలల తరబడి పెడితే మెడ ఎముకలు అతుక్కుపోయి పిల్లి తల తిప్పలేదు. మాంసం వండే ఇళ్లవాళ్లు ఇంకోటి గుర్తుంచుకోండి. టౌరిన్ నీళ్లలో కరుగుతుంది. కోడిని ఉడికించి నీళ్లు పారబోస్తే టౌరిన్ కూడా కొంత పోతుంది. ఆ నీళ్లు అన్నంలోనే కలపండి.

హిందూపురం శాకాహారి
డాక్టరమ్మా, ఒక మాట. ప్యాకెట్లలో వేసే టౌరిన్ ఫ్యాక్టరీలో తయారైంది, జంతువుల నుంచి తీసింది కాదు. విటమిన్ ఎ కూడా అలాగే తయారు చేస్తారు. మరి అన్నీ కలిపిన పూర్తి మొక్కల తిండి పిల్లికి ఎందుకు కుదరదు? పిల్లికి కావాల్సింది పోషకాలు, మాంసం కాదు కదా. అలాంటి తిండి తింటున్న పిల్లులు బాగున్నాయని పెంచేవాళ్ల సర్వేలు కూడా వచ్చాయి.

అనంత డాక్టరమ్మ
మీ వాదనలో మొదటి భాగాన్ని నేను కాదనను. ఫ్యాక్టరీ టౌరిన్‌కూ ఎలుకలోని టౌరిన్‌కూ రసాయనంగా తేడా లేదు. నా అనుమానం సర్వేల మీద. పిల్లి బాగుందని చెప్పింది దాన్ని పెంచేవాళ్లు. నాగన్న చెప్పిన పిల్లి కూడా రెండేళ్లు బాగానే ఉందని ఆ ఇంట్లోవాళ్లు అనుకున్నారు. రక్తంలో టౌరిన్ కొలిచి, గుండె స్కాన్ చేసి, ఏళ్ల తరబడి చూసిన పరిశీలనలు తక్కువ. ఇంకోటి, మొక్కల తిండితో మూత్రంలో ఆమ్లం తగ్గే అవకాశం ఎక్కువ. దాంతో మూత్రాశయంలో స్ట్రువైట్ అనే రకం రాళ్లు కట్టొచ్చు. మగ పిల్లికి మూత్రం బిగిస్తే ఒకటి రెండు రోజుల్లో ప్రాణం మీదికి వస్తుంది.

హిందూపురం శాకాహారి
మూత్రానికి కావాల్సిన ఆమ్లం కూడా తయారీలో సరిచేస్తున్నారు. మాంసం తిండి తిన్న పిల్లులకూ రాళ్లు వస్తున్నాయి. పరిశీలనలు తక్కువంటే కుదరదని తేలినట్టు కాదు. నేను ఒప్పుకోను.

అనంత డాక్టరమ్మ
తేలలేదన్నది నిజమే. నా దగ్గరికి వచ్చే పిల్లికి మాత్రం తేలని దారి రాసివ్వలేను. ఆ తిండే పెడతామనేవాళ్లు కనీసం ఆరునెలలకోసారి మూత్రం, కళ్లు, గుండె చూపించండి.

ప్రొద్దుటూరు మామ
ఎలుకల మాట ఒప్పుకుంటున్నా డాక్టరమ్మా. మరి కుక్క గురించి? శశి కుక్కకు ఇక ఏ భయమూ లేనట్టేనా?

అనంత డాక్టరమ్మ
పూర్తిగా లేదని చెప్పను మామా. కుక్క చేసుకోగలదు, కానీ ముడిసరుకు అందితేనే. పప్పులో మిథియోనిన్ తక్కువ. పెరుగు, జొన్న ఉన్నాయి కాబట్టి కొంత నయం. గోల్డెన్ రిట్రీవర్, న్యూఫౌండ్‌ల్యాండ్ లాంటి పెద్ద జాతుల్లో కొన్నింటికి టౌరిన్ తగ్గడం చూశారు. పప్పుదినుసులు ఎక్కువగా ఉన్న కుక్కల తిండికీ గుండె జబ్బుకూ సంబంధం ఉందా అని 2018లో అమెరికా ఆహార, మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ విచారణ మొదలుపెట్టింది, కారణం గట్టిగా తేలలేదు. శశీ, నీ కుక్క త్వరగా అలసిపోయినా, దగ్గినా గుండె చూపించు.

సీక్యాంప్ శశి, కర్నూలు
అందరికీ థ్యాంక్స్. ప్యాకెట్ తిండి అయితే వంటింట్లోకి రాదు కాబట్టి వరండాలో పెట్టుకోవచ్చని నాన్న ఒప్పుకున్నారు. మరి రేపటి నుంచి పెరుగన్నం పూర్తిగా ఆపేసి అది పెట్టేయనా? ఆకలైతే అదే తింటుంది కదా?

అనంత డాక్టరమ్మ
ఆకలికి వదిలేయొద్దు శశీ, కుక్కకు చేసినట్టు పిల్లికి చేయకూడదు. పిల్లి రెండు మూడు రోజులు తిండి మానేస్తే ఒంట్లోని కొవ్వంతా కాలేయంలోకి చేరి అది దెబ్బతింటుంది. బొద్దుగా ఉన్న పిల్లికి ఇంకా ప్రమాదం. మొదటి రెండు రోజులు పెరుగన్నంలో పావు వంతు కొత్త తిండి కలుపు, వాసన రావడానికి గోరువెచ్చని నీళ్లు చల్లు. వారం పది రోజుల్లో మొత్తం మార్చు. ప్యాకెట్ పిల్లులదే అయి ఉండాలి, పూర్తి ఆహారం అని రాసుండాలి, పదార్థాల్లో టౌరిన్ పేరు కనిపించాలి. చిరుతిండి అని రాసిన పౌచ్‌లు దీనికి పనికిరావు. నాలుగు కిలోల పిల్లి రోజుకు అరవై గ్రాముల దాకా పొడి తిండి తింటే, 0.1 శాతం లెక్కన యాభై మిల్లీగ్రాములకు పైగానే టౌరిన్ అందుతుంది. పక్కన నీళ్ల గిన్నె ఎప్పుడూ నిండుగా ఉంచు.

ఈ వారంలోనే ఒకసారి కళ్లు, గుండె చూపించు. పిల్లి నిద్రపోతున్నప్పుడు నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తోందో లెక్కపెట్టి రాసుకుని వెళ్లు. ముప్పై దాటితే అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా అదే రోజు తీసుకెళ్లు.