పాత కుదుపు 30 రోజుల విండో దాటగానే మార్కెట్ ‘ప్రశాంతం’ అయిపోతోంది, ఏం చేయాలి?

నమస్కారం అండీ, కూకట్‌పల్లి నుంచి రాస్తున్నాను. బిట్‌కాయిన్‌లో గ్రిడ్ పెట్టాలా, ట్రెండ్ వెంట వెళ్లాలా అని తేల్చుకోవడానికి రోజూ ఉదయం 5:30కి, అంటే యూటీసీ క్యాండిల్ ముగియగానే, ఇది లెక్కిస్తాను. `r` రోజువారీ లాగ్ రిటర్న్.

```
rv = r.rolling(30).std() * 365**0.5
rank = rv.rolling(365).rank(pct=True)
```

క్రిప్టోకు సెలవుల్లేవు కాబట్టి 252 కాకుండా 365 వాడాను. ర్యాంక్ 0.7 దాటితే అల్లకల్లోలం, 0.3 లోపైతే ప్రశాంతం.

ఇక్కడే చిక్కు. 29 రోజులు 2 శాతం చొప్పున, ఒక్క రోజు 12 శాతం కదిలిందనుకోండి. సగటు సున్నా అనుకుంటే వార్షిక వొలటిలిటీ సుమారు 56 శాతం. ఆ ఒక్క రోజు విండోలోంచి జారిపోగానే అది 38కి పడిపోతుంది. ఆ రోజు మార్కెట్లో కొత్తగా ఏమీ జరగలేదు, అయినా ర్యాంక్ ఒక్కసారిగా దిగి గ్రిడ్ ఆన్ అవుతుంది. నిజం డబ్బు పెట్టాక ఇలా జరుగుతుంటే టెన్షన్‌గా ఉంది.

పాత రోజుల బరువు మెల్లగా తగ్గించే ఈడబ్ల్యూఎమ్ఏ, లాంబ్డా 0.94తో, వాడదామనుకుంటున్నాను. అప్పుడు కుదుపు ప్రభావం దాదాపు 11 రోజులకోసారి సగమవుతుంది, ఒక్కసారిగా ఊడిపోదు. కానీ వారం రోజులు మార్కెట్ నిద్రపోతే ఇది మరీ తొందరగా ప్రశాంతం అంటుందేమో. లేదా 30 రోజుల విండోనే ఉంచి, ర్యాంక్ వరుసగా 5 రోజులు 0.3 లోపు ఉంటేనే లేబుల్ మార్చాలా? దాంతో మంచి గ్రిడ్ రోజులు కొన్ని పోతాయి.

రెండూ లైవ్‌లో నడిపినవాళ్లు ఉంటే, ఏది ఎక్కడ దెబ్బతిందో దయచేసి చెప్పండి. 365 రోజుల ర్యాంక్ విండోకూ ఇదే జబ్బు ఉంటుందా?