అపార్టుమెంటు వేడినీటి కెలోరిఫైయర్: ఉదయపు గరిష్ఠ వాడకాన్ని బట్టి ట్యాంకు, హీట్ ఎక్స్ఛేంజర్ పరిమాణం నిర్ణయించడం ఎలా?

ప్రశ్న

60 ఫ్లాట్లున్న ఒక అపార్టుమెంటులో పాత కెలోరిఫైయర్, అంటే బాయిలరు వేడితో నీటిని వేడెక్కించి నిల్వ చేసే ట్యాంకు, అడుగుభాగం తుప్పు పట్టి కారుతున్నందున దాన్ని తీసివేసి కొత్తది అమర్చవలసి ఉంది. ట్యాంకులోకి వచ్చే చల్లనీటి లైను మీద పల్స్ మీటరు పెట్టి కొన్ని వారాల పాటు వాడకాన్ని నమోదు చేశాను. అన్నిటికంటే ఎక్కువ వాడిన రోజున ఉదయం 5 నుంచి 6 వరకు 300 లీటర్లు, 6 నుంచి 7 వరకు 1,100, 7 నుంచి 8 వరకు 1,500, 8 నుంచి 9 వరకు 900, 9 నుంచి 10 వరకు 400 లీటర్లు ఖర్చయ్యాయి. సాయంత్రం ఏ గంటలోనూ 700 లీటర్లు దాటలేదు. రోజు మొత్తం వాడకం 7,900 లీటర్లు. చల్లనీరు 15 డిగ్రీల వద్ద వస్తుంది, 60 డిగ్రీల వద్ద నిల్వ చేయాలి.

గరిష్ఠ గంటకు 1,500 లీటర్లు కాబట్టి ట్యాంకు 1,500 లీటర్లదీ, రోజు సగటు గంటకు 330 లీటర్లు కాబట్టి హీట్ ఎక్స్ఛేంజర్ 17 కిలోవాట్లదీ తీసుకుంటే చాలునని అనుకుంటున్నాను. ఈ లెక్క సరైనదేనా?

ప్లంబింగ్ కాంట్రాక్టరు

17 కిలోవాట్లు ఎంతమాత్రం చాలవండి. నా సలహా ఏమిటంటే అసలు ట్యాంకే వద్దు. ఒక లీటరును ఒక డిగ్రీ వేడెక్కించడానికి 1.163 వాట్-గంటలు పడతాయి కాబట్టి, గరిష్ఠ గంటకు 1,500 లీటర్లను 45 డిగ్రీలు వేడెక్కించాలంటే 1,500 × 45 × 1.163 ÷ 1,000, అంటే సుమారు 79 కిలోవాట్లు కావాలి. ఆ సామర్థ్యమున్న ప్లేట్ హీట్ ఎక్స్ఛేంజర్ ఒక్కటి పెడితే స్థలం కలిసివస్తుంది, తుప్పు పట్టే ట్యాంకు బెడద కూడా ఉండదు.

భవన సేవల ఇంజనీరు

17 కిలోవాట్లు చాలవన్న మాట నిజమే. ట్యాంకు తీసేయమన్న సలహా మాత్రం ఈ అంకెల మీద నిలవదు. కారణం చెప్పే ముందు మొదటి లెక్క ఎక్కడ తప్పుతుందో చూద్దాం.

ట్యాంకు పరిమాణాన్ని ఒక్క గరిష్ఠ గంట నిర్ణయించదు. వాడకం వేడెక్కే వేగాన్ని మించినంత సేపూ పోగుపడే లోటు దాన్ని నిర్ణయిస్తుంది. మీరు చెప్పిన 330 లీటర్ల వేగంతో 6 నుంచి 7 లోపు 770 లీటర్ల లోటు వస్తుంది. 8 గంటలకు అది 1,940 అవుతుంది, 10 గంటలకు 2,580 దాకా చేరుతుంది. పైగా 1,500 లీటర్ల ట్యాంకులో మొత్తం నీరు పనికిరాదు. కింద ప్రవేశించే చల్లనీరు కొంత మేర కలిసిపోతుంది కాబట్టి మంచి ట్యాంకులో కూడా 80 శాతాన్ని, అంటే 1,200 లీటర్లను మాత్రమే నమ్ముకోవచ్చు. ఆ లెక్కన 7 గంటల 22 నిమిషాలకల్లా కుళాయిలో నీరు చల్లబడడం మొదలవుతుంది.

ఇప్పుడు వేగాన్ని మార్చి చూడండి. గంటకు 600 లీటర్లు వేడెక్కిస్తే గరిష్ఠ లోటు 1,700 లీటర్లు. 900 లీటర్లు వేడెక్కిస్తే 6 నుంచి 7 లోపు 200, తర్వాతి గంటలో 600, మొత్తం 800 లీటర్లు. 8 తర్వాత వాడకం, వేడెక్కే వేగం సమానమై లోటు అక్కడే ఆగుతుంది. 1,000 లీటర్ల వేగమైతే లోటు 600 మాత్రమే. బాయిలరు ఎంత ఇవ్వగలదో, గదిలో ఎంత చోటుందో చూసి ఈ జతల్లో ఒకదాన్ని ఎంచుకోవాలి. నేనైతే 900 వైపు మొగ్గుతాను. దానికి 47 కిలోవాట్లు కావాలి.

ఇక ట్యాంకు లేకుండా అన్న సంగతి. మీ మీటరు పది నిమిషాల లెక్క కూడా ఇస్తుందా? ఇస్తే 7 నుంచి 8 వరకు ఉన్న అంకెలు పంపండి.

ప్రశ్న అడిగినవారు

ఇస్తుందండి. 7 గంటల నుంచి వరుసగా 220, 330, 350, 280, 190, 130 లీటర్లు.

భవన సేవల ఇంజనీరు

ఈ అంకెల్లోనే జవాబుంది. 900 లీటర్ల వేగమంటే పది నిమిషాలకు 150. 7 గంటలకు ఉన్న 200 లీటర్ల లోటుకు ఒక్కొక్క విడత తేడాను కలుపుకుంటూ పోతే 270, 450, 650, 780, 820 అయి చివరి విడతలో 800కు తగ్గుతుంది. గంటల లెక్కలో 800 వచ్చింది, పది నిమిషాల లెక్కలో 820 వచ్చింది. గంట లోపలి హెచ్చుతగ్గులను ట్యాంకు తనలోనే ఇముడ్చుకుంది.

ట్యాంకు లేకపోతే ఆ వెసులుబాటు ఉండదు. 350 లీటర్ల విడత గంటకు 2,100 లీటర్ల ప్రవాహంతో సమానం. దానికి 79 కాదు, 110 కిలోవాట్లు కావాలి. అదైనా పది నిమిషాల సగటే. ఒక్క నిమిషంలో అనేక షవర్లు కలిసి తెరుచుకుంటే అవసరం అంతకంటే పెరుగుతుంది, బాయిలరు కూడా ఆ క్షణంలోనే అంత వేడిని అందించగలగాలి. ట్యాంకు లేని ఏర్పాటు తప్పని నేననను. దాన్ని గంట సగటు మీద లెక్కించడం తప్పు.

ఒక భవన నిర్వాహకుడు

మా భవనంలో కూడా ఇదే ఇబ్బంది ఉంది. పై అంతస్తుల వాళ్లు ఉదయం కుళాయి తిప్పి చాలాసేపు నీళ్లు వదిలేస్తే తప్ప వేడినీరు రాదు. మేము కూడా ట్యాంకు పెంచుకోవాలా?

భవన సేవల ఇంజనీరు

మీది వేరే సమస్య అనిపిస్తోంది. కొంతసేపు వదిలాక పూర్తి వేడితో వచ్చి, ఆ తర్వాత తగ్గకుండా ఉంటే ట్యాంకులో నీరు చాలినంత ఉన్నట్టే. వేడినీటిని ట్యాంకుకు తిరిగి తెచ్చే పై అంతస్తుల రిటర్న్ లైనులో నీరు తిరగడం లేదు. ట్యాంకు నుంచి బయలుదేరే నీటి ఉష్ణోగ్రతను, ఆ నిలువు లైను రిటర్న్ చివర ఉష్ణోగ్రతను పక్కపక్కన కొలవండి. 60 వద్ద బయలుదేరిన నీరు 55 దగ్గర తిరిగి రావాలి. ఒక్క లైను మాత్రమే బాగా చల్లగా ఉంటే దాని బ్యాలెన్సింగ్ వాల్వు మూసుకుని ఉండవచ్చు, లేదా లైనులో గాలి పట్టి ఉండవచ్చు. ట్యాంకు చాలకపోతే తీరు ఇందుకు భిన్నం. మొదట బాగా వచ్చిన నీరు రద్దీ వేళ మధ్యలో అన్ని అంతస్తుల్లోనూ ఒకేసారి చల్లబడుతుంది.

ప్రశ్న అడిగినవారు

అందరికీ ధన్యవాదాలు. 820 లీటర్ల లోటుకు 1,000 లీటర్ల ట్యాంకు కొద్దిలో చాలదు కాబట్టి 1,200 లీటర్లది తీసుకుంటాను. దానిలో వాడదగినది 960 లీటర్లు. బయట ప్లేట్ ఎక్స్ఛేంజరు, ట్యాంకు నీటిని దాని గుండా తిప్పి వేడెక్కించడానికి గంటకు 900 లీటర్ల చార్జింగ్ పంపు పెడతాను. పంపును నడిపే సెన్సరు ట్యాంకు అడుగు నుంచి మూడో వంతు ఎత్తులో ఉంటుంది. బాయిలరు నీరు ఇప్పుడు 75 డిగ్రీలకు వస్తోంది. ముందుముందు హీట్ పంపు పెట్టి 65కు తగ్గించాలన్న ఆలోచన కూడా ఉంది.

భవన సేవల ఇంజనీరు

రెండు చోట్ల ఆగి చూడాలి.

మొదటిది సెన్సరు. మన లెక్కంతా నీరు వాడిన వెంటనే వేడెక్కడం మొదలవుతుందన్న భావన మీద నడిచింది. సెన్సరు మూడో వంతు ఎత్తులో ఉంటే చల్లనీరు అక్కడిదాకా ఎక్కేవరకు, అంటే 400 లీటర్లు ఖర్చయ్యేవరకు పంపు కదలదు. మీ పట్టికలో అది 6 గంటల 5 నిమిషాల ప్రాంతంలో జరుగుతుంది. అప్పటికే లోటు 400, 7 గంటలకు 580, ఆ తర్వాత ముందు చూసినట్టే పెరుగుతూ 7 గంటల 26 నిమిషాలకు 960 దాటిపోతుంది. కాగితం మీద సరిపోయిన ట్యాంకు గదిలో చాలకుండా పోయేది ఇలాంటి చోటే.

దీనికోసం పెద్ద ట్యాంకు కొననక్కరలేదు. అడుగుకు దగ్గరగా రెండో సెన్సరు పెట్టి, 5:30 నుంచి 9 వరకు పంపు దాని మీద నడిచేలా టైమరు అమర్చండి. 5:30కి ఉన్న 150 లీటర్ల లోటు పావుగంటలో తీరిపోతుంది, రద్దీ మొదలయ్యే వేళకు ట్యాంకు నిండుగా ఉంటుంది. మిగతా వేళల్లో పై సెన్సరుతో నడిపితే పంపు మాటిమాటికీ ఆగి మొదలయ్యే ఇబ్బంది ఉండదు.

రెండోది ప్లేట్ల విస్తీర్ణం. బాయిలరు నీరు 75 నుంచి 55కు దిగుతూ, ఇటు నీరు 15 నుంచి 60కి ఎక్కుతుంటే ఒక చివర తేడా 15 డిగ్రీలు, మరో చివర 40. లాగరిథమిక్ సగటు, అంటే ప్లేట్ల పొడవునా వేడిని అటు నుంచి ఇటు నెట్టే సగటు తేడా, 25.5 వస్తుంది. 65 నుంచి 45కు దిగితే ఆ తేడాలు 5, 30 అయి సగటు 14కు పడిపోతుంది. అదే 47 కిలోవాట్లకు దాదాపు 1.8 రెట్ల విస్తీర్ణం కావాలి. హీట్ పంపు నిజంగా రాబోతుంటే ఎక్స్ఛేంజరును ఇప్పుడే 65 డిగ్రీల మీద ఎంపిక చేయించండి. కేటలాగులో కిలోవాట్లు మాత్రమే చూడకండి, ఏ ఉష్ణోగ్రతల మధ్య ఆ అంకె ఇచ్చారో చూడండి. చాలా కేటలాగుల్లో 10 నుంచి 45 డిగ్రీలకు వేడెక్కించే సామర్థ్యం రాస్తారు, 60కి వేడెక్కించేటప్పుడు అంత రాదు. రిటర్న్ లైను నష్టానికి విడిగా కొంత కలపండి. 150 మీటర్ల లైను మీటరుకు 10 వాట్ల చొప్పున కోల్పోతే అది 1.5 కిలోవాట్లు.

ఇంధన వినియోగ ఆడిటరు

లెక్క బాగుంది. అయితే మూలంలోనే నాకొక సందేహం ఉంది. కొలతలు తీసిన రోజుల్లో పాత ట్యాంకు ఉదయమంతా 60 డిగ్రీల నీరు ఇవ్వగలిగిందా?

ప్రశ్న అడిగినవారు

లేదండి. ఏడున్నర తర్వాత గోరువెచ్చని నీరే వస్తోందని నివాసులు ఫిర్యాదు చేసేవారు.

ఇంధన వినియోగ ఆడిటరు

అయితే 7:30 తర్వాతి అంకెలు అసలు అవసరాన్ని చూపవు. నీరు గోరువెచ్చగా ఉన్నప్పుడు కొందరు వేడి కుళాయిని పూర్తిగా తెరుస్తారు, అప్పుడు లీటర్లు పెరుగుతాయి. కొందరు స్నానం వాయిదా వేస్తారు, అప్పుడు తగ్గుతాయి, ఆ వాడకం 9 తర్వాతి గంటలోకి జరుగుతుంది. ఏది ఎంతన్నది పల్స్ మీటరు ఒక్కటే చెప్పలేదు. ట్యాంకు నుంచి బయటికి వెళ్లే పైపు మీద ఉష్ణోగ్రత లాగర్ కట్టి, లీటర్లను ఉష్ణోగ్రతతో కలిపి మళ్లీ కొలిచిన తర్వాతే ట్యాంకుకు ఆర్డరు ఇవ్వాలని నా అభిప్రాయం.

భవన సేవల ఇంజనీరు

సందేహం న్యాయమైనదే. కానీ కారుతున్న ట్యాంకుతో ఎంతకాలం ఆగగలరు? కొలిచినా పాత ట్యాంకు ఇవ్వలేని వేడి కోసం జనం ఎంత ఎదురుచూశారో ఆ కొలతలో కనిపించదు. నేనైతే 1,200 లీటర్ల ట్యాంకునే ఉంచి, ప్లేట్లను, పంపును గంటకు 1,100 లీటర్లకు, అంటే 58 కిలోవాట్లకు ఎంచుకుంటాను. మొదట 900 వద్ద నడిపి, చాలకపోతే పంపు వేగం పెంచవచ్చు. బాయిలరు ఆ 58 ఇవ్వగలదా అన్నది ముందే తేల్చుకోవాలి.

ఇంధన వినియోగ ఆడిటరు

హీట్ పంపు వస్తే ఆ అదనపు 11 కిలోవాట్లు చవకగా దొరకవు. అప్పుడు ట్యాంకు పెంచడమే మేలవుతుంది. అందుకే కనీసం ఒక వారమైనా ఉష్ణోగ్రతతో కలిపి కొలవమంటున్నాను.

ప్రశ్న అడిగినవారు

కారుతున్న చోట తాత్కాలికంగా బిగింపు వేయించి లాగర్ కడతాను. పది నిమిషాల లీటర్లు, ఉష్ణోగ్రతలు రెండూ చేతికి రాగానే ఇక్కడే పెడతాను. బాయిలరు ఇళ్లను వేడి చేసే పనిలో ఉన్నప్పుడు వేడినీటికి ఎన్ని కిలోవాట్లు మిగులుతాయో కూడా అప్పటికి కనుక్కుంటాను.