హెచ్‌సీజీ 5 లోపుకి వచ్చేసింది, ఇంకా ఎన్ని నెలలు ఆగాలి?

వాసు_కేఆర్‌పురం
మా ఆవిడకి ముత్యాల గర్భం అని జూన్ 3న సక్షన్ చేశారు. బయాప్సీలో కంప్లీట్ మోల్, అంటే బిడ్డ లేకుండా అంతా బుడగలే, అని వచ్చింది. గర్భం వస్తే రక్తంలో పెరిగే ఆ హార్మోన్, బీటా హెచ్‌సీజీ, జూలై 22కి 3.2కి దిగింది. ఒక డాక్టరు 6 నెలలు ఆగమన్నారు, ఇంకొకరు 3 నెలలు చాలన్నారు. ఆవిడకి 35 ఏళ్ళు. నార్మల్ అయ్యాక కూడా ఎందుకు ఆగాలి? ఎవరి మాట వినాలి?

రమేశ్_బీటీఎమ్
నార్మల్ అంటే నార్మలే బ్రో. మా కజిన్‌కి అబార్షన్ అయిన రెండో నెలలోనే నిలిచింది, వాడిప్పుడు యూకేజీ. నెలనెలా రక్తం గుచ్చించుకోవడం దేనికి? మెడికల్ షాపులో కిట్ కొని ఇంట్లోనే చూసుకోండి. ఒక గీత వస్తే ఏమీ లేనట్టే.

సుజాత_మారతహళ్ళి
రమేశ్ గారూ, మీ కజిన్‌ది మామూలు అబార్షన్. ఇది అది కాదు. నా సంగతి చెప్తాను, చదివాక మాట్లాడండి.

నాకు పదో వారంలో బ్లీడింగ్ అయితే ఇంటి దగ్గర చిన్న ఆసుపత్రిలో క్లీన్ చేసి పంపేశారు. తీసిన ముక్కని బయాప్సీకి పంపలేదు. ఎందుకు పంపలేదని అప్పట్లో అడగాలని కూడా నాకు తెలీదు. ఐరన్ మాత్రలు రాసిచ్చి, మూడు నెలల తర్వాత మళ్ళీ ప్రయత్నించమన్నారు. రెండున్నర నెలలు మచ్చలు మచ్చలుగా కనిపిస్తూనే ఉంది. నెలసరి సర్దుకుంటోంది అనుకున్నాం. చివరికి వేరే డాక్టరు హెచ్‌సీజీ చేయిస్తే 41,000. అప్పుడు మెథోట్రెక్సేట్ ఇంజెక్షన్లు మొదలుపెట్టారు, ఐదు విడతలు. నోరంతా పుండ్లు, మజ్జిగ కూడా మింగుడు పడేది కాదు. అయ్యాక ఏడాది ఆగమన్నారు, ఆగాను. ఇప్పుడు బాబుకి నాలుగేళ్ళు. అందుకే ఎవరైనా తొందరగా ఆపేయొచ్చు అంటే నాకు ఒళ్ళు మండుతుంది.

పాత_ల్యాబ్_మనిషి
వాసు గారూ, ఒక్క ప్రశ్న. ఆ 3.2 ఏ మెషీన్ మీద వచ్చింది? మొదటి నుంచీ అన్ని శాంపిళ్ళూ ఒకే ల్యాబ్‌లో ఇచ్చారా?

వాసు_కేఆర్‌పురం
అన్నీ ఇక్కడ ఒకే చోట ఇచ్చాం సార్. కానీ మొన్న వాళ్ళమ్మగారింటికి అనంతపురం వెళ్ళింది. ఆగస్ట్ 19న అక్కడే చేయిస్తే 7.1 వచ్చింది. అప్పట్నుంచి ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు.

రమేశ్_బీటీఎమ్
3.2 నుంచి 7.1 అంటే డబుల్ కదా. మరి నార్మల్ అని టైటిల్ ఎలా పెట్టారు?

పాత_ల్యాబ్_మనిషి
అదే నేను అడుగుతున్నది! హెచ్‌సీజీ అనేది ఒకే ఒక్క అణువుగా తిరగదు, ముక్కలుగా కూడా ఉంటుంది. ఒక కంపెనీ కిట్ కొన్ని ముక్కల్ని పడుతుంది, ఇంకో కంపెనీది వదిలేస్తుంది. ఇంత చిన్న అంకెల దగ్గర రెండు ల్యాబులు పోల్చి పెరిగిందో తగ్గిందో చెప్పడం కుదరదు. ఇరవై ఆరేళ్ళు ఈ పనే చేశాను. పాత ల్యాబ్‌కే వెళ్ళి మళ్ళీ ఇవ్వండి.

డాక్టరమ్మ_జయనగర్
ఆయన చెప్పింది సరైనదే, ముందు అది చేయండి. వాసు గారూ, సక్షన్ అయినప్పటి నుంచీ వారం వారం వచ్చిన అంకెలన్నీ వరసగా రాయండి. ఒక్క అంకె చూసి ఎవరూ ఏమీ చెప్పలేరు.

వాసు_కేఆర్‌పురం
సక్షన్‌కి ముందు 2,38,000. తర్వాత వారానికొకసారి: 9,400, 1,850, 410, 120, 46, 14, 3.2.

డాక్టరమ్మ_జయనగర్
చాలా బాగా దిగింది. ఈ దిగుడులో ఎక్కడైనా అంకె మొండికేసి, వారం వారం తీసిన నాలుగు రిపోర్టుల్లో అక్కడక్కడే తచ్చాడినా, లేక వరసగా మూడు రిపోర్టుల్లో పైకి వెళ్ళినా అప్పుడు ఆగకూడదు. గర్భసంచి గోడలో కణాలు మిగిలి పెరుగుతున్నాయని అర్థం, కిద్వాయ్ కేన్సర్ ఆసుపత్రి లాంటి చోటికి పంపుతాం. కంప్లీట్ మోల్‌లో నూటికి పదిహేను ఇరవై మందికి అలా అవుతుంది. మీ ఆవిడ ఆ గండం దాటేసింది. ఒకసారి నార్మల్ అయ్యాక తిరగబెట్టేది సుమారు నాలుగు వందల మందిలో ఒకరికి.

ఇక 3, 6 సంగతి. మీ ఇద్దరు డాక్టర్లూ పెద్దగా తేడాగా చెప్పలేదు, లెక్క ఎక్కడ మొదలుపెట్టారో అడగలేదు మీరు. లండన్‌లోని ప్రసూతి డాక్టర్ల రాయల్ కాలేజీ 2020లో చెప్పింది ఇది: 56 రోజుల్లోపు నార్మల్ అయితే సక్షన్ చేసిన రోజు నుంచి 6 నెలలు. మీకు 49 రోజులు పట్టింది, కాబట్టి డిసెంబర్ 3. ప్రసూతి డాక్టర్ల అంతర్జాతీయ సమాఖ్య ఫిగో 2021లో చెప్పింది నార్మల్ అయిన రోజు నుంచి 3 నెలలు, అంటే అక్టోబర్ 22. రెంటికీ తేడా ఆరు వారాలు. దీనికి ఇంత గొడవ అక్కర్లేదు. 56 రోజులు దాటి ఉంటే మాత్రం రాయల్ కాలేజీ లెక్కలో నార్మల్ అయినప్పటి నుంచి 6 నెలలు పడేది.

వాసు_కేఆర్‌పురం
మా అమ్మ జూలై 22 నుంచి ఆరు నెలలు లెక్కేసి జనవరి 22 అని క్యాలెండర్‌లో సున్నా చుట్టింది మేడమ్.

రమేశ్_బీటీఎమ్
నా కిట్ మాటకి ఎవరూ జవాబివ్వలేదు. వెయ్యి రూపాయల టెస్టు ఎందుకు, యాభై రూపాయల కిట్ ఉండగా?

డాక్టరమ్మ_జయనగర్
మూత్రం కిట్‌కి గీత రావాలంటే దాదాపు 25 ఉండాలి. 3 నుంచి 9కి, 9 నుంచి 18కి పెరుగుతుంటే మీ కిట్ ఒకే గీత చూపిస్తూ కూర్చుంటుంది. మేం పట్టుకోవాలనుకునేది సరిగ్గా ఆ పెరుగుదలనే. ఇంకో వింత కూడా ఉంది. హెచ్‌సీజీ లక్షల్లో ఉన్నప్పుడు కిట్ ఉక్కిరిబిక్కిరై ఒక్కోసారి నెగటివ్ చూపిస్తుంది.

ఈలోపు గర్భం వద్దని ఎందుకంటామో కూడా ఇక్కడే ఉంది. కొత్త గర్భం వచ్చినా పెరిగేది ఈ హెచ్‌సీజీయే. అంకె పెరిగితే అది బిడ్డా, మిగిలిన ముత్యాలా అని స్కాన్‌లో తేలడానికే రెండు మూడు వారాలు పడుతుంది. పిల్స్ వాడొచ్చు. కాపర్ టీ అయితే హెచ్‌సీజీ నార్మల్ అయ్యేదాకా వద్దంటాం.

సుజాత_మారతహళ్ళి
నాలుగు వందల్లో ఒకరు అని మీరు తేలిగ్గా రాసేశారు. ఆ ఒక్కరు నేనైతే? మూడు నెలలు చాలు అని మీలాంటివాళ్ళు ఇక్కడ రాస్తే, చదివినవాళ్ళు రెండు నెలలకే మానేస్తారు. పుండ్లు మీ నోట్లో రాలేదు కదా.

డాక్టరమ్మ_జయనగర్
సుజాత గారూ, మీరు ఆ నాలుగు వందల లెక్కలో లేరు. మీది హెచ్‌సీజీ చూడటం తొందరగా ఆపేయడం వల్ల ముదరలేదు, అసలు మొదలుపెట్టకపోవడం వల్ల ముదిరింది. బయాప్సీ లేదు కాబట్టి మోల్ అని తెలీలేదు, తెలీలేదు కాబట్టి హెచ్‌సీజీ చూడలేదు.

సుజాత_మారతహళ్ళి
అంటే తప్పు నాదా?

డాక్టరమ్మ_జయనగర్
కాదు. ఆ ముక్కని పారేసినవాళ్ళది. నేను అన్నది వేరు, నా మాట కటువుగా పడుంటే క్షమించండి.

పద్మక్క_హోస్కోటె
మా అమ్మమ్మ కాలంలో సగ్గుబియ్యం పడ్డట్టు పడిపోతే ముత్యాల గర్భం అనేవాళ్ళు. దిష్టి తీసేవాళ్ళు, అంతే. ఇప్పుడేమో అన్నిటికీ టెస్టులు.

పాత_ల్యాబ్_మనిషి
అమ్మమ్మ కాలంలో ఎంతమంది మిగిలారో కూడా చెప్పండి పద్మక్కా.

*(రెండు రోజుల తర్వాత)*

వాసు_కేఆర్‌పురం
పాత ల్యాబ్‌లో మళ్ళీ చేయించాం. 2 కంటే తక్కువ అని వచ్చింది. అందరికీ థాంక్స్. అయితే అక్టోబర్ 22 తర్వాత ప్రయత్నించొచ్చు అనే కదా? ఆ ఫిగో మాట ఎక్కడైనా తెలుగులో ఉంటే పెట్టండి, ఇంట్లో చూపించాలి.

పాత_ల్యాబ్_మనిషి
చెప్పానా?

సుజాత_మారతహళ్ళి
వాసు గారూ, మొదటి నుంచీ చూస్తున్నాను. మీరు ఐదుసార్లు రాశారు. డాక్టర్లు ఏమన్నారో, మీ అమ్మగారు ఏ తేదీకి సున్నా చుట్టారో అన్నీ ఉన్నాయి. మీ ఆవిడ ఏమంటోంది? ఇంట్లో చూపించాలి అంటున్నారు, ఎవరికి?

వాసు_కేఆర్‌పురం
మా ఇంటి విషయం మీకెందుకండీ. నేను మెడికల్ ప్రశ్న అడిగాను.

సుజాత_మారతహళ్ళి
రక్తం ఇచ్చేది ఆవిడ కాబట్టి అడిగాను.

రమేశ్_బీటీఎమ్
అక్కా, కొంచెం తగ్గండి. ఆయనే టెన్షన్‌లో ఉన్నాడు.

వాసు_కేఆర్‌పురం
సరే, రాస్తాను. ఆవిడకే చూపించాలి. డాక్టరు ఆరు నెలలన్నారు అని చెప్పి నన్ను దగ్గరికి రానివ్వడం లేదు. ఆరు నెలలు అయ్యాక ఏడాది అంటుందని నాకు తెలుసు.

తొమ్మిదో వారంలో రోజుకి పది పన్నెండుసార్లు వాంతులు. నీళ్ళు కూడా నిలిచేవి కావు. ఐదు కిలోలు తగ్గింది. గుండె దడ అని రాత్రి లేచి కూర్చునేది. నేను, మా అమ్మ, ఇద్దరం వేవిళ్ళు అందరికీ ఉంటాయి అన్నాం. కవలలేమో అని నవ్వాం కూడా. మూడు రోజులు కాఫీ డికాషన్ రంగులో కనిపిస్తే అప్పుడు తీసుకెళ్ళాను. స్కాన్‌లో బిడ్డ లేదు, అంతా బుడగలే అన్నారు. మళ్ళీ ఆ వాంతులు నా వల్ల కాదు అంటోంది ఇప్పుడు. పోపు వాసనకి కూడా భయపడుతోంది.

సుజాత_మారతహళ్ళి
ఇది మొదటి పోస్టులోనే ఉండాల్సింది. నేనూ మరీ గట్టిగా అన్నాను.

డాక్టరమ్మ_జయనగర్
వాసు గారూ, ఆ దడ కూడా వేవిళ్ళది కాదు. హెచ్‌సీజీ రూపం థైరాయిడ్‌ని నడిపే టీఎస్‌హెచ్‌కి దగ్గరగా ఉంటుంది. లక్షల్లో ఉంటే థైరాయిడ్‌ని అదే రెచ్చగొడుతుంది. సక్షన్‌కి ముందు థైరాయిడ్ చూసే ఉంటారు, పాత రిపోర్ట్ తీసి ఆవిడకి చూపించండి. ఆవిడ ఓర్చుకోలేకపోవడం కాదు, నిజంగానే ఒంట్లో అంత నడిచింది అని తెలుస్తుంది.

మళ్ళీ మోల్ వచ్చే అవకాశం నూటికి ఒకరికి, మహా అయితే ఇద్దరికి. వాంతులు అసలు రావని మాత్రం నేను మాటివ్వలేను, మామూలు గర్భంలోనూ కొందరికి గట్టిగానే వస్తాయి. ఈసారి నిలిస్తే ఆరేడు వారాలకే స్కాన్ చేయించుకోండి, లోపల ఏముందో అప్పుడే తెలిసిపోతుంది. అక్టోబర్ 22 అన్నది అంతకు ముందు వద్దు అనడానికి. ఆ రోజు మొదలుపెట్టి తీరాలని కాదు.

వాసు_కేఆర్‌పురం
ఈ త్రెడ్ ఆవిడకి పంపనా వద్దా అని ఆలోచిస్తున్నా. నేను రాసింది కూడా చదువుతుంది కదా.

రమేశ్_బీటీఎమ్
కిట్ సంగతి వెనక్కి తీసుకుంటున్నా.

పాత_ల్యాబ్_మనిషి
తర్వాతి శాంపిల్ సెప్టెంబర్ మూడో వారంలో పడుతుంది. దసరాకి అనంతపురం వెళ్ళేట్టయితే, ఆ నెల శాంపిల్ ఇక్కడ ఇచ్చే బస్సెక్కండి. అదే ల్యాబ్.